భుజానికి రెండు వేళ్ల పైన: స్ట్రెయిట్ జుట్టుకి బాబ్ పొడవు, ఫ్రింజ్ సంగతి

ప్రశ్న: నా వయసు 36, ఉండేది విజయవాడ. జుట్టు పుట్టుకతోనే స్ట్రెయిట్, మరీ ఒత్తు కాదు, పల్చనా కాదు. ఇప్పుడు భుజానికి నాలుగు వేళ్ల కిందకి ఉంది. బాబ్ చేయించుకోవాలని ఉంది కానీ ఎక్కడ ఆపించాలో తేలడం లేదు. నుదురు కొంచెం వెడల్పు, కళ్లజోడు పెట్టుకుంటాను, స్కూటీ మీద బ్యాంకుకి వెళ్తాను. ఫ్రింజ్ కూడా అదే రోజు పెట్టించేయనా? నాలుగు నెలల్లో ఆడపడుచు పెళ్లి ఉంది, అదొక టెన్షన్.

జవాబు:

ముందు నా మాట చెప్పేసి, కారణాలు తర్వాత చెప్తానండి. కొసలు భుజాన్ని తాకకుండా, భుజానికి రెండు వేళ్ల పైన ఆపించండి. ఫ్రింజ్ ఆ రోజు వద్దు. మూడు వారాలు బాబ్‌తో తిరగండి, అప్పటికీ కావాలనిపిస్తే మధ్యలో విడిపోయి రెండు చెంపల వైపుకీ జారే పొడవాటి ఫ్రింజ్ పెట్టించుకోండి. కనుబొమల మీద అడ్డంగా పడే ఫ్రింజ్ మాత్రం మీకు వద్దనే అంటాను. పంతొమ్మిదేళ్లుగా విశాఖలో జుట్టు కత్తిరిస్తున్నాను. మీలాంటి జుట్టే నా దగ్గరకి ఎక్కువగా వస్తుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

బాబ్ అనగానే అందరూ ముఖం ఆకారం గురించి మొదలుపెడతారు. గుండ్రటి ముఖానికి ఇది, కోల ముఖానికి అది అని. స్ట్రెయిట్ జుట్టు కుర్చీలో కూర్చుంటే నేను మొదట చూసేది ముఖం కాదు, మెడ. వంకీలున్న జుట్టుని ఎక్కడ ఆపినా అది ఎలాగోలా సర్దుకుంటుంది. స్ట్రెయిట్ జుట్టు అలా కాదు. తాపీ మేస్త్రి వేలాడదీసిన తూకం దారంలా తిన్నగా దిగుతుంది. దారిలో ఏదైనా అడ్డొస్తే దానికి తగిలి పక్కకి తిరిగిపోతుంది. అలా అడ్డొచ్చేది మీ భుజం.

కొసలు సరిగ్గా భుజం మీద ఆనే పొడవులో ఉంటే పొద్దున ఎంత బాగా దువ్వినా ఒక గంటలో కొసలు బయటికి తిరుగుతాయి. ఒక్కోసారి ఒక వైపు లోపలికి, ఒక వైపు బయటికి తిరుగుతాయి. బ్యాగు వేసుకునే భుజం వైపు ఇంకా ఎక్కువ. పార్లర్‌లో బ్లో డ్రై చేసి పంపినప్పుడు ఇది కనపడదు. ఇంట్లో తలస్నానం చేసిన మొదటి రోజే తెలుస్తుంది. "కట్ బాగాలేదు" అని నా దగ్గరకి సరిచేయించుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామందికి నిజానికి కటింగ్ బాగానే ఉంటుంది, ఆపిన చోటే తప్పు. "మరీ పొట్టి వద్దు, మరీ పొడుగూ వద్దు" అని అడిగితే కత్తెర వచ్చి ఆగేది సరిగ్గా ఆ భుజం దగ్గరే.

కాబట్టి స్ట్రెయిట్ జుట్టుకి బాబ్ ఆగడానికి మంచి చోట్లు రెండే ఉన్నాయనుకోండి. ఒకటి భుజానికి పైన, కనీసం రెండు వేళ్ల ఖాళీ ఉండేలా. రెండోది భుజం దాటి కాలర్ బోన్ మీద పడేలా, దాన్నే లాంగ్ బాబ్ అంటారు. మధ్యలో ఉన్న ఆ మూడు నాలుగు సెంటీమీటర్ల చోటు వదిలేయాలి. రెండు వేళ్లు అని ఎందుకంటున్నానంటే, జుట్టు నెలకి సుమారు ఒకటింపావు సెంటీమీటర్ పెరుగుతుంది. రెండు వేళ్లంటే 3 సెంటీమీటర్లు. అంటే భుజాన్ని తాకేలోపు మీకు రెండు నెలల పైన టైమ్ ఉంటుంది. ఒక వేలే వదిలితే నెల తిరిగేసరికి మళ్లీ అదే తలనొప్పి.

ఇప్పుడు మీ మెడ కొలుచుకోండి. అద్దం ముందు మామూలుగా కూర్చోండి, నిటారుగా బిగుసుకుని వద్దు, బ్యాంకులో కౌంటర్ దగ్గర ఎలా కూర్చుంటారో అలా. చెవి కింద దవడ మూల నుంచి తిన్నగా కిందికి భుజం వరకు ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. ఐదు, అంతకంటే ఎక్కువ పడితే నేను చెప్పిన పొడవు హాయిగా కుదురుతుంది, దవడ కింద మూడు వేళ్ల జుట్టు ఉంటుంది, దాని కింద రెండు వేళ్ల మెడ కనపడుతుంది. నాలుగు వేళ్లే పడితే మెడ కొంచెం పొట్టి. అప్పుడు రెండు వేళ్లు వదిలితే బాబ్ దవడకి చాలా దగ్గరకి వచ్చేస్తుంది. దానికి మీ మనసు ఒప్పుకోకపోతే కాలర్ బోన్ దగ్గరకి వెళ్లిపోండి, మధ్యలో ఆగకండి.

దవడ దగ్గర ఆపే పొట్టి బాబ్ గురించి కూడా చెప్పాలి, ఫోటోల్లో అందరూ చూపించేది అదే కనక. అది చేసే ముందు మెడ వెనక చూడాలి. జుట్టంతా పైకి ఎత్తి క్లిప్ పెట్టి, మెడ వెనక జుట్టు మొదలయ్యే చోటుని ఎవరిచేతైనా ఫోటో తీయించండి. అక్కడి వెంట్రుకలు కిందకి పెరుగుతుంటే మంచిదే. ఒక పక్కకో పైకో తిరిగి పెరుగుతుంటే, పొట్టిగా కత్తిరించగానే అడుగు పొర పైకి లేస్తుంది, పైన ఉన్న పొరని కూడా తోసేస్తుంది. పొడవుగా ఉన్నప్పుడు జుట్టు బరువే దాన్ని అణిచి ఉంచుతుంది కాబట్టి మనకి అది అక్కడ ఉన్నట్టే తెలీదు. దవడ బాబ్ చేయించుకున్నాక "వెనక ఒక వైపు లేచి ఉంటోంది" అనే ఫిర్యాదు ఎక్కువగా దీనివల్లే. భుజానికి రెండు వేళ్ల పైన ఆపితే ఆ బరువు ఇంకా మిగిలే ఉంటుంది, ఇబ్బంది పెద్దగా రాదు.

ముఖం సంగతికి వస్తే, ఒక్క విషయం గుర్తుంటే చాలు. బాబ్ కొస అంటే ముఖం పక్కన గీసిన అడ్డ గీత. ఆ గీత ఎక్కడ ఉంటే చూసేవాళ్ల కన్ను అక్కడ ఆగుతుంది. దవడ వెడల్పుగా ఉన్నవాళ్లు సరిగ్గా దవడ దగ్గర ఆపిస్తే దవడే కనపడుతుంది. గడ్డం చిన్నగా ఉన్నవాళ్లకి అదే గీత కలిసొస్తుంది. గడ్డం కింద పెన్సిల్ అడ్డంగా పెట్టి, చెవి తమ్మె నుంచి దాని వరకు స్కేలుతో కొలిచి, రెండుంపావు అంగుళాల కంటే తక్కువైతే పొట్టి జుట్టు నప్పుతుందనే లెక్క ఒకటి పార్లర్లలో వినపడుతుంది. సరదాగా కొలుచుకోండి, తప్పు లేదు. కానీ అది మీ మెడ గురించీ భుజం గురించీ ఏమీ చెప్పదు, కాబట్టి దాని మీదే ఆధారపడకండి.

పొడవుతో పాటు ఇంకొకటి అడగండి. ముందు కొసలు వెనకకంటే ఒక వేలు పొడవుగా ఉండాలని. అంతకంటే ఎక్కువ వాలు వద్దు. మనం రోజంతా తల వంచే పని చేస్తాం, వెనకా ముందూ ఒకే లెవెల్‌లో కత్తిరించిన స్ట్రెయిట్ జుట్టు కొన్నాళ్లకి ముందు పొట్టిగా అయినట్టు కనపడుతుంది. 1963లో లండన్‌లో హెయిర్ డ్రెస్సర్ విడాల్ ససూన్, నటి నాన్సీ క్వాన్ పొడవాటి స్ట్రెయిట్ జుట్టుని బాబ్‌గా కత్తిరించినప్పుడు కూడా వెనక పొట్టి, ముందు పొడుగు. రోలర్లూ స్ప్రేలూ లేకుండా కట్ దానంతట అదే నిలబడాలన్నది ఆయన పట్టుదల. ఆ ఫోటోలు చూస్తే స్ట్రెయిట్ జుట్టుకి గీత ఎంత ముఖ్యమో తెలుస్తుంది. మీకు అంత కోణం అక్కర్లేదు, ఒక వేలు చాలు.

లేయర్స్ అడగొద్దు. మీడియం ఒత్తు ఉన్న స్ట్రెయిట్ జుట్టులో పొట్టి లేయర్స్ మెట్లు మెట్లుగా కనపడతాయి, కొసలు పల్చబడి జుట్టు తక్కువగా ఉన్నట్టు అనిపిస్తుంది. పళ్లున్న కత్తెర, అదే థిన్నింగ్ సిజర్, పైభాగంలో వాడనివ్వకండి. అది కోసిన పొట్టి వెంట్రుకలు కొన్ని వారాలకి పెరిగి పై పొరలోంచి నిక్కబొడుచుకుని బయటికి వస్తాయి. కొసల దగ్గర గీత మరీ గట్టిగా ఉందనిపిస్తే కత్తెర మొనతో నిలువుగా కొద్దిగా మెత్తబరిస్తే సరిపోతుంది.

పెళ్లి లెక్క ఇప్పుడు వేద్దాం. ఇప్పుడు భుజానికి నాలుగు వేళ్ల కిందకి ఉంది, అంటే 6 సెంటీమీటర్లు. రెండు వేళ్ల పైకి వెళ్తే మొత్తం 9 సెంటీమీటర్లు పోతుంది. నాలుగు నెలల్లో 5 సెంటీమీటర్లు పెరుగుతుంది, అంటే పెళ్లినాటికి భుజానికి 2 సెంటీమీటర్లు కిందకి వస్తుంది. రోజువారీకి అది నేను వద్దన్న పొడవే, కానీ పెళ్లికి అదే మంచిది. మెడ దగ్గర బిగించి చిన్న పోనీ వేయడానికి సరిపోతుంది, దానికి సవరం పట్టుకుంటుంది, జడ వేయొచ్చు, పూలు నిలబడతాయి. సవరానికి కావలసింది పొడవు కాదు, ముడి వేయడానికి గట్టి మొదలు. అదే దవడ బాబ్ అయితే నాలుగు నెలల తర్వాత కూడా వెనక పోనీలోకి ముందు జుట్టు అందదు, పిన్నుల మీద పిన్నులు పెట్టాలి, పెళ్లిలో అటూ ఇటూ తిరిగే వదినగారికి అది మధ్యాహ్నం దాకా ఆగదు. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఒకసారి ట్రిమ్ చేయించమంటాను. మీరు మాత్రం మధ్యలో ఒక్కసారి, అదీ సెంటీమీటర్ లోపే చేయించండి.

ఇక ఫ్రింజ్. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బాబ్ తప్పయితే వెనక్కి కట్టుకోవచ్చు, ఫ్రింజ్ తప్పయితే నుదుటి మీదే ఉంటుంది.

వెడల్పాటి నుదురుకి ఫ్రింజ్ అనేది కొత్త ఆలోచనేం కాదు. 1960లో హిందీ నటి సాధన వెడల్పాటి నుదురు కనపడకుండా ముంగురులు కత్తిరించుకుని తెర మీదకి వస్తే అది దేశమంతా సాధనా కట్ అయిపోయింది. నుదురు మూసేస్తే ముఖం చిన్నగా, కళ్లు పెద్దగా కనపడతాయి, అది నిజమే. కానీ ఆ జుట్టు ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించండి. నుదురంతా కప్పే ఫ్రింజ్ ఒత్తుగా ఉండాలంటే నడినెత్తి దాకా వెనక్కి వెళ్లి, అటూ ఇటూ కనుబొమ చివరల దాకా జుట్టు తీసుకోవాలి. అదంతా ఇప్పటివరకు చెంపల పక్కన పడుతూ మీ బాబ్‌కి నిండుదనం ఇస్తున్న జుట్టు. చాలా ఒత్తుగా ఉన్నవాళ్లకి తేడా తెలీదు. మీడియం ఉన్నవాళ్లకి బాబ్ ముందు మూలలు పల్చబడిపోతాయి. ఇన్నేళ్లు గట్టిగా జడ వేసి కణతల దగ్గర జుట్టు పలచబడి ఉంటే ఇంకా తెలిసిపోతుంది. అద్దంలో కణతల దగ్గర జుట్టు ఎత్తి చూసుకోండి, చర్మం బాగా కనపడుతుంటే ఫ్రింజ్ కోసం అక్కడి జుట్టుని ముట్టుకోనివ్వకండి.

రెండో సంగతి సుడి. నేను ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడు, ఒక కాలేజీ అమ్మాయికి కనుబొమల మీదకి తిన్నటి ఫ్రింజ్ కత్తిరించాను. జుట్టు తడిగా ఉంది, దువ్వెనతో గట్టిగా కిందికి లాగి, కనుబొమ దగ్గర గీత పెట్టాను. చాలా చక్కగా వచ్చింది. డ్రయర్ పెట్టాక కుడి కనుబొమ పైన మూడు వేళ్ల వెడల్పు ముక్క మెల్లగా పైకి లేచి నుదుటి మధ్యలో ఆగింది. నుదుటి అంచున అక్కడ సుడి ఉంది. తడి జుట్టులో నాకు కనపడలేదు, నేను వెతకలేదు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, అరచేత్తో ఆ ముక్కని కిందకి అదిమి పట్టుకుని అద్దంలో చూసుకుంటూ ఉండిపోయింది. చెయ్యి తీయగానే మళ్లీ లేచింది. అది పెరిగి అణిగేదాకా మూడు నెలలు క్లిప్ పెట్టుకుని తిరిగింది. ఆ రోజు నుంచి పొడి జుట్టులో నుదుటి అంచు చూడకుండా ఫ్రింజ్ కోసం కత్తెర పట్టుకోలేదు.

మీరు ఇంట్లోనే చూసుకోవచ్చు. తలస్నానం చేశాక ముందు జుట్టుని పాపిడి లేకుండా ముఖం మీదకి దువ్వండి. చేత్తో సర్దకుండా ఫ్యాన్ కింద ఆరనివ్వండి. ఆరాక అది ఎక్కడ విడిపోయిందో, ఏ వైపు తిరిగిందో చూడండి. ఎక్కడా విడిపోకుండా ముఖం మీదే పడి ఉంటే ఏ ఫ్రింజ్ అయినా కుదురుతుంది. మధ్యలోనో మధ్యకి దగ్గరలోనో విడిపోతే మధ్యలో విడిపోయే ఫ్రింజ్‌కి మీ జుట్టే ఒప్పుకున్నట్టు. ఒక కనుబొమ పైన గట్టిగా ఎగిరి ఉంటే పక్కకి వాలే పొడవాటి ఫ్రింజ్ ఒకటే దారి, అది కూడా సుడి తిరిగిన వైపుకే.

ఇక మీ రోజు ఎలా ఉంటుందో చూడండి. హెల్మెట్ నుదుటి దగ్గరే అన్నిటికంటే గట్టిగా పడుతుంది. పదిహేను నిమిషాలు పెట్టుకుని తీస్తే, కనుబొమల మీది ఫ్రింజ్ చెమటకి పాయలు పాయలుగా అంటుకుని ఉంటుంది, విజయవాడ ఎండలో ఇంక చెప్పక్కర్లేదు. నుదుటి జిడ్డు అంటుకుని రెండో రోజుకే జీవం లేనట్టు అయిపోతుంది, మిగతా జుట్టు శుభ్రంగానే ఉన్నా. కళ్లజోడు ఉంటే ఫ్రింజ్ కొసలు ఫ్రేము పై అంచుకి తగిలి ముందుకి వంగుతాయి, తగలకుండా ఉండాలంటే ప్రతి రెండు మూడు వారాలకి ట్రిమ్ చేయించాలి. బొట్టు పెట్టుకునే అలవాటుంటే అది జుట్టు కింద దాక్కుంటుంది. పెళ్లిలో పాపిడి బిళ్ల పెట్టాలన్నా మధ్య పాపిడి తెరిచి ఉండాలి. ఇవన్నీ చూసే మీకు అడ్డ ఫ్రింజ్ వద్దన్నాను. పెట్టించాక "వద్దు, పెంచేస్తాను" అనుకున్నా, కనుబొమ నుంచి గడ్డం దాకా పెరగడానికి తొమ్మిది నెలలు పడుతుంది. ఇప్పుడే పెంచడం మొదలుపెట్టినా పెళ్లిరోజుకి సరిగ్గా ముక్కు కొస దగ్గర ఉంటుంది, అటు చెవి వెనక్కీ వెళ్లదు, ఇటు నుదుటి మీదా ఆగదు.

మధ్యలో విడిపోయే ఫ్రింజ్, కర్టెన్ అంటారు చూడండి, దానితో ఈ చిక్కులు చాలావరకు తప్పుతాయి. నుదురు మధ్యలో కొంచెం తెరిచి ఉంటుంది, వెడల్పు మాత్రం రెండు వైపులా తగ్గుతుంది. మీ బాధ నుదురు ఎత్తు గురించి కాదు, వెడల్పు గురించి కదా, కాబట్టి కప్పాల్సింది ఆ మూలలనే. హెల్మెట్ పెట్టుకునేటప్పుడు రెండు పాయలనీ వెనక్కి తోసేస్తే తీశాక వేళ్లతో ముందుకి లాక్కోవచ్చు.

కత్తిరించేవాళ్లకి ఇలా చెప్పండి. పాపిడి మధ్యలో చిన్న త్రికోణం తీసుకోమనండి, వెనక మొన నుదుటి అంచు నుంచి మూడు వేళ్లు దాటకూడదు, పక్కలు కనుబొమ వంపు దగ్గర ఆగాలి. అందులో అన్నిటికంటే పొట్టి వెంట్రుక తడిగా ఉన్నప్పుడు ముక్కు సగం దాకా రావాలి. ఆరాక అది కళ్ల లెవెల్‌కి వస్తుంది, మధ్యలోంచి పక్కకి వాలి చెంప ఎముక వైపుకి జారుతుంది. పక్కలకి వెళ్లేకొద్దీ పొడవు పెరుగుతూ నోటి దాకా వచ్చి, అక్కడ నుంచి బాబ్‌లో కలిసిపోవాలి. ఆ కలిసే చోటు ముఖ్యం. ఫ్రింజ్ చెంప దగ్గర ఆగిపోయి, బాబ్ ఇంకెక్కడో మొదలైతే మధ్యలో మెట్టు పడుతుంది, స్ట్రెయిట్ జుట్టులో ఆ మెట్టు దాచడం ఎవరి వల్లా కాదు. ఆరాక రెండోసారి కత్తిరిస్తే తప్ప ఫ్రింజ్ పూర్తయినట్టు కాదు. తడి మీదే చేసి పంపేస్తామంటే ఒప్పుకోకండి.

రెండూ ఒకే రోజు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెప్తాను. బాబ్ చేశాక నుదురు మనకి వేరేగా కనపడుతుంది. పొడవాటి జుట్టు ముఖాన్ని కిందకి లాగినట్టు చేసి నుదురుని పెద్దగా చూపిస్తుంది. కొసలు దవడకి దగ్గరగా వచ్చాక చూపు కిందికి మళ్లుతుంది. నా దగ్గరకి వచ్చే ఒక లెక్చరర్‌గారు ఉన్నారు, జుట్టు అచ్చం మీరు చెప్పినట్టే, నుదురు వెడల్పని చిన్నప్పటి నుంచి దిగులు. మెడ కొలిస్తే ఐదు వేళ్లు పడింది. భుజానికి రెండు వేళ్ల పైన ఆపాను, ముందు ఒక వేలు పొడుగు ఉంచాను. పాపిడి మధ్యలోంచి తీసి ఎడమ కనుబొమ వంపు మీదకి మార్చాను, అంతే. కుడి వైపు జుట్టు నుదుటి మూలని కప్పుతూ వాలింది. మూడు వారాల తర్వాత ఫ్రింజ్ కోసం అపాయింట్‌మెంట్ ఇచ్చాను. వచ్చి కూర్చుని అద్దంలో కాసేపు చూసుకుని, "ఇలాగే ఉంచండి, కొసలు మాత్రం చూడండి" అన్నారు. అందరూ అలాగే అంటారని కాదు. పెట్టించుకుని సంతోషంగా ఉన్నవాళ్లూ చాలామంది ఉన్నారు. కానీ బాబ్ ఎలా పడిందో చూశాక తీసుకున్న నిర్ణయం కాబట్టి వాళ్లు వెనక్కి తగ్గలేదు.

ఈలోపు పాపిడి మీరూ మార్చి చూడండి. ఫ్రింజ్ ఎలా ఉంటుందో చూడాలంటే ఇప్పుడే, జుట్టు పొడవుగా ఉండగానే, నడినెత్తి మీద పోనీ వేసి దాని కొసల్ని ముందుకి తెచ్చి నుదుటి మీద పడేయండి. ఆకారం ఖచ్చితంగా రాదు, కానీ నుదుటి మీద జుట్టు తగులుతుంటే మీకు ఎలా ఉంటుందో తెలుస్తుంది. అలా క్లిప్పు పెట్టుకుని ఒక ఆదివారమంతా వంటింట్లో తిరగండి. సాయంత్రానికి ఎన్నిసార్లు చేత్తో పక్కకి తోసుకున్నారో మీకే గుర్తుంటుంది.

పార్లర్‌కి వెళ్లే రోజు నూనె పెట్టుకుని వెళ్లకండి, జుట్టు మామూలుగా ఎలా ఉంటుందో అలా, పొడిగా వెళ్లండి. కళ్లజోడు తీసుకెళ్లండి. "షోల్డర్ లెంగ్త్", "మీడియం బాబ్" లాంటి మాటలు ఒక్కొక్కరికి ఒక్కో అర్థం, వాటి మీద వదిలేయకండి. పొడి జుట్టు మీద మీ వేలు పెట్టి "ఆరాక కొస ఇక్కడ ఉండాలి" అని చూపించండి. తడి జుట్టు సాగుతుంది, స్ట్రెయిట్ జుట్టు కూడా ఆరాక సెంటీమీటర్ దాకా పైకి వెళ్తుంది, అందుకని మొదట ఒక వేలు ఎక్కువ ఉంచి కత్తిరించి, ఆరబెట్టి, అప్పుడు అసలు గీత పెట్టమనండి. కుర్చీలో కాలు మీద కాలు వేసుకోకండి. చిన్న విషయంలా ఉంటుంది కానీ ఒక భుజం పైకి లేస్తుంది, గీత ఒక వైపుకి వాలుతుంది. ఫోన్ చూస్తూ తల వంచినా అంతే.

చెవుల దగ్గర ఒక కన్నేసి ఉంచండి. చెవి జుట్టుని బయటికి తోస్తుంది, అక్కడ దువ్వెనతో బిగించి లాగి కోస్తే వదిలాక చెవి కింద చిన్న గంటు పడుతుంది. మంచి చెయ్యి ఉన్నవాళ్లు అక్కడ జుట్టుని వదులుగా పట్టుకుంటారు. కళ్లజోడు కాడ కూడా అక్కడే తోస్తుంది కాబట్టి పూర్తయ్యాక కళ్లజోడు పెట్టుకుని, ఒకసారి చెవి వెనక్కి దోపి, మళ్లీ వదిలి చూసుకోండి. రెండు వైపుల ముందు కొసల్ని గడ్డం కిందకి తెచ్చి కలపండి, సమానంగా కలవాలి. అర సెంటీమీటర్ తేడా ఉన్నా స్ట్రెయిట్ జుట్టులో కనపడుతుంది, మొహమాట పడకుండా అక్కడే చెప్పండి.

నిజమైన పరీక్ష మాత్రం ఇంట్లో మొదటి తలస్నానం. డ్రయర్ వాడకుండా ఆరనిచ్చి చూడండి. గీత కలిసి ఉందా, వెనక ఏదైనా పాయ కిందకి వేలాడుతోందా, ఒక వైపు కొసలు తిరుగుతున్నాయా చూసుకుని, తేడా ఉంటే వారంలోపు అదే మనిషి దగ్గరకి వెళ్లండి. వారం దాటితే పెరిగిందో కత్తెర తప్పో చెప్పడం కష్టమవుతుంది.

మూడు వారాల తర్వాత ఫ్రింజ్ పెట్టించుకుంటే, స్నానం అయిన వెంటనే మిగతా జుట్టు కంటే ముందు దాన్నే ఆరబెట్టండి. డ్రయర్ గాలి పైనుంచి కిందికి పెట్టి, వేళ్లతో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి దువ్వుతూ ఆరబెడితే మొదలు దగ్గర ఏ వైపూ గట్టిపడదు. రెండో రోజు జిడ్డుగా అనిపిస్తే మిగతా జుట్టుని క్లిప్ పెట్టేసి, ఆ ముందు పాయలు ఒక్కటే వాష్ బేసిన్ దగ్గర కడుక్కోవచ్చు, రెండు నిమిషాల పని. నూనె పెట్టుకునే రాత్రి ఫ్రింజ్‌ని విడిగా పైకి క్లిప్ చేయండి, లేకపోతే నుదుటి మీద మొటిమలు వస్తాయి.

ఆ ఫ్యాన్ కింద ఆరబెట్టే పరీక్ష చేశాక జుట్టు ఏ వైపు విడిపోయిందో, మెడ ఎన్ని వేళ్లు వచ్చిందో ఇక్కడే రాయండి. కుడి కనుబొమ పైన లేస్తోందంటే పాపిడి సంగతి మళ్లీ మాట్లాడుకోవాలి.